ఎంఎస్సా, ఎంటెక్కా, ముందు ఉద్యోగమా?

బీటెక్ ఆఖరి ఏడాదిలో చాలా ఇళ్లకు రెండు కబుర్లు ఒకేసారి వస్తాయి. ఒకటి క్యాంపస్ ఇంటర్వ్యూలో దొరికిన ఉద్యోగం. ఏడాదికి మూడున్నర లక్షలు, చేతికి నెలకు పాతిక వేలకు కాస్త అటూ ఇటూ. రెండోది అమెరికా యూనివర్సిటీ నుంచి ఎంఎస్ సీటు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవద్దని మేనమామ అంటాడు. ఇప్పుడు వెళ్లకపోతే పెళ్లి, బాధ్యతలు వచ్చిపడి మళ్లీ కుదరదని అమెరికాలో ఉన్న అక్క చెబుతుంది. ఇద్దరూ తాము చూసిన లోకాన్ని బట్టే మాట్లాడతారు. అసలు ఏ పని చేయాలనుకుంటున్నావని పిల్లవాణ్ని అడిగేవాళ్లు తక్కువ.

అక్కడే మొదలుపెట్టాలి. కొన్ని పనులకు మాస్టర్స్ లేకపోతే తలుపు తెరుచుకోదు. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం పీజీ ఉండాల్సిందే. చిప్ డిజైన్, స్ట్రక్చరల్ డిజైన్ లాంటి రంగాల్లో చాలా కంపెనీలు ఎంటెక్ వాళ్లవైపే మొగ్గుతాయి. వెబ్, మొబైల్ సాఫ్ట్‌వేర్ రాసే పనికి మాత్రం రెండేళ్ల అనుభవం చాలాచోట్ల డిగ్రీ కన్నా బాగా చెల్లుతుంది. అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. కోరుకున్న పనికి వచ్చిన ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై ముందేసుకుని, అర్హతల దగ్గర ఏం రాశారో చూడాలి. ఎక్కువ వాటిలో పీజీ తప్పనిసరి అని ఉంటే సమాధానం దొరికినట్టే. బీటెక్ చాలు, ఇన్నేళ్ల అనుభవం కావాలి అని ఉంటే అదీ సమాధానమే.

ఆ తరువాత డబ్బు లెక్క. ఇక్కడ చాలామంది ఫీజు చూసి, విమాన టికెట్టు కలిపి, అప్పు ఇంత అనుకుని ఆగిపోతారు. అసలు లెక్క ఆ తరువాతే ఉంది.

ఒక మధ్యతరగతి కుటుంబాన్ని తీసుకుందాం. ఈసీఈ చదివిన అమ్మాయి ఎంఎస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి, 11 శాతం వడ్డీకి 40 లక్షలు తీసుకుంటున్నారు. బ్యాంకు ఆ సొమ్మును ఆరు నెలలకోసారి, సెమిస్టర్‌కు 10 లక్షల చొప్పున విడుదల చేస్తుంది. చదువు రెండేళ్లు, ఆపైన మరో ఆరు నెలల వరకు వాయిదాలు కట్టక్కర్లేదు. బ్యాంకు భాషలో ఇది మారటోరియం. కట్టక్కర్లేదంటే వడ్డీ ఆగిందని కాదు. మొదటి 10 లక్షల మీద రెండున్నరేళ్లకు 2.75 లక్షలు, తరువాతి విడతల మీద వరుసగా 2.2, 1.65, 1.1 లక్షలు పడుతుంది. మొత్తం 7.7 లక్షలు. అంటే మొదటి వాయిదా కట్టే రోజుకి అప్పు 47.7 లక్షలైంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ సుమారు 65,700 రూపాయలు.

అదే చదువుకునే రోజుల్లోనే తల్లిదండ్రులు ఏ నెల వడ్డీ ఆ నెల కట్టుకుంటూ వస్తే అసలు 40 లక్షల దగ్గరే నిలుస్తుంది. ఈఎంఐ 55,100కు దిగుతుంది. అలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో కొంత రాయితీ కూడా ఇస్తాయి.

అమెరికాలో మంచి ఉద్యోగం దొరికితే 65,700 పెద్ద భారం కాదు. డాలరు 88 రూపాయలనుకుంటే నెలకు 750 డాలర్ల లోపే. అసలు పరీక్ష వేరే ఉంది. ఆ అమ్మాయి తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఏడాదికి 8 లక్షల ఉద్యోగంలో చేరిందనుకుంటే, చేతికి నెలకు 60 వేలకు అటూ ఇటూగా వస్తుంది. జీతమంతా వాయిదాకే సరిపోదు. అప్పు తీసుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇక్కడి జీతంతో ఈ వాయిదా కట్టగలమా? లేమంటే, ఆ చదువు ఫలితం అమెరికా వీసా నిబంధనల చేతిలో ఉన్నట్టు.

ఆ నిబంధనలు తెలిసినవే. చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది పనిచేయవచ్చు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులైతే మరో రెండేళ్లు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులు మించి ఉంటే హోదాకే ముప్పు. ఆపైన హెచ్‌-1బీ లాటరీ. ఏటా ఇచ్చేవి 85 వేలు, అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదివి హోదా మార్చుకునేవారికి ఇది వర్తించదని తరువాత వివరణ వచ్చింది. అయినా ఆ మధ్యలో వేలాది కుటుంబాలకు నిద్ర పట్టలేదు. పదేళ్ల అప్పును మూడేళ్ల అనుమతి మీద ఆధారపడి తీసుకుంటున్నామని గుర్తుంచుకోవాలి.

పీజీ కావాలి, అంత అప్పు వద్దు అనుకునేవారికి గేట్ ఉంది. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, మూడో ఏడాది విద్యార్థులు కూడా రాయవచ్చు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరి ఉపకార వేతనం పొందేవారికి రెండేళ్లపాటు నెలకు 12,400 రూపాయలు వస్తాయి. మొత్తం మూడు లక్షలకు కొంచెం తక్కువ. వదులుకున్న జీతంతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే, కానీ తలమీద అప్పు ఉండదు. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఇదే స్కోరుతో ఇంజినీర్లను తీసుకున్నాయి. చిక్కల్లా సీటు దగ్గర వస్తుంది. స్కోరు తక్కువైతే కోరుకున్న స్పెషలైజేషన్ దొరకదు. దొరికిన కోర్సులో చేరిపోతే రెండేళ్ల తరువాత మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వరుసలో నిలబడాల్సి వస్తుంది. అందుకే కాలేజీ పేరు ఒక్కటే చూడకుండా, ఆ విభాగానికి క్యాంపస్‌లో ఏ కంపెనీలు వచ్చాయో, ఎంతమందిని ఏ పనికి తీసుకున్నాయో పాత విద్యార్థులను అడిగి తెలుసుకోవాలి.

ఇంకా ఏం చేయాలో తేలనివారికి ముందు ఉద్యోగమే మేలు. గేట్ స్కోరు మూడేళ్లు, జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతాయి. అంటే చదువు వేడి మీద ఉండగానే పరీక్ష రాసేసి, స్కోరు దగ్గర పెట్టుకుని ఉద్యోగంలో చేరవచ్చు. రోజూ చేసే పని ఏమిటో తెలిశాక ఏ కోర్సు కావాలో కూడా తెలుస్తుంది. టెస్టింగ్‌లో చేరి డేటా వైపు మనసు మళ్లినవాళ్లున్నారు, కోడింగే పడదని ఎంబీఏకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాదే విదేశాలకు వెళ్లి ఉంటే వాళ్లు తప్పు కోర్సుకు లక్షలు పోసేవాళ్లు.

ఈ దారిలోనూ జాగ్రత్తలున్నాయి. కొన్ని కంపెనీలు చేరేటప్పుడే ఒకటి రెండేళ్ల బాండు రాయించుకుంటాయి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టమంటాయి. ఆ గడువు ఎప్పుడు తీరుతుందో, కోర్సు ఎప్పుడు మొదలవుతుందో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండో ప్రమాదం అలవాటు. జీతం వచ్చిన ఆర్నెల్లకే బైకు, ఏడాదికి కారు వాయిదాలు మొదలైతే, చదువు కోసం జీతం వదులుకోవడం ఆర్థికంగానే అసాధ్యమవుతుంది.

విదేశీ చదువుకు అప్పు ఖాయం చేసుకున్నవారు సంతకానికి ముందు బ్యాంకును మూడు విషయాలు అడిగి, కాగితం మీద రాయించుకోండి. వడ్డీ మారుతుందా, మారకుండా ఉంటుందా? మారటోరియం ముగిసేసరికి అప్పు ఎంతవుతుంది? అప్పుడు ఈఎంఐ ఎంత? మూడో సమాధానం పక్కన, హైదరాబాద్‌లో రాగల జీతం ఎంతో మీరే రాసి చూసుకోండి.