అదనపు పదం చేసే పని

కాంబినేషనల్ లాజిక్ సర్క్యూట్‌లో అవుట్‌పుట్ 1గానే ఉండాల్సిన సమయంలో క్షణకాలం 0కు పడి మళ్లీ 1కి లేవడాన్ని గ్లిచ్ అంటారు. అలా పడే అవకాశం సర్క్యూట్ నిర్మాణంలోనే దాగి ఉంటే అది స్టాటిక్ హజార్డ్. సమీకరణంలో తప్పుండదు, ట్రూత్ టేబుల్‌లోనూ తప్పుండదు. గేటు గుండా సిగ్నల్ దాటడానికి కొంత సమయం పడుతుందన్న సంగతిని ఆ రెండూ లెక్కలోకి తీసుకోవు, అంతే.

ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరికే 7400 ఐసీలో రెండేసి ఇన్‌పుట్‌ల నాండ్ గేట్లు నాలుగు ఉంటాయి. రెండు సిగ్నళ్లలో ఒకదాన్ని ఎంచుకునే మల్టీప్లెక్సర్‌కు సరిగ్గా నాలుగు గేట్లే చాలు:

```
F = A·S + B·S'
```

S 1 అయితే A, 0 అయితే B బయటికి వస్తుంది. మొదటి గేటు S ను తిప్పి S' ను తయారుచేస్తుంది. రెండోది A, S లను, మూడోది B, S' లను తీసుకుంటుంది. నాలుగోది ఆ రెండింటి ఫలితాలను కలుపుతుంది. ఐసీలో ఒక్క గేటూ మిగలదు. ఈ పొదుపులోనే హజార్డ్ ఉంది.

A, B రెండూ 1 అనుకుందాం. S ఏదైనా F 1గానే ఉండాలి. ఒక్కో గేటుకు 10 నానోసెకన్లు పడుతుందని తీసుకుని S ను 1 నుంచి 0కు దించితే, 10వ నానోసెకను వద్ద రెండో గేటు తన పట్టు వదిలేస్తుంది. S' లేచేదీ అప్పుడే కాబట్టి మూడో గేటు పని అందుకునేసరికి 20 నానోసెకన్లవుతుంది. మధ్యలో F ను 1గా పట్టి ఉంచే గేటు లేదు. ఇటుకల తట్టను చేతులు మార్చేటప్పుడు అవతలి మనిషి పట్టుకోకముందే ఇవతలి మనిషి వదిలేసినట్టు. ఫలితంగా F 20 నుంచి 30 నానోసెకన్ల వరకు 0లో ఉంటుంది. S ను 0 నుంచి 1కి లేపితే మాత్రం ఈ తేడా రాదు: అప్పుడు రెండో గేటు ముందే అందుకుంటుంది, మూడోది తర్వాత వదులుతుంది. ఒకవైపు మార్పుకే గ్లిచ్ రావడం హజార్డ్‌ను గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు.

ఈ 10 నానోసెకన్లు ఎల్‌ఈడీ మీద కనిపించవు, 20 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్‌లో కూడా సరిగా కనిపించవు. F ను ఫ్లిప్‌ఫ్లాప్ క్లియర్ కాలుకు కలిపినప్పుడే తెలుస్తుంది. ఆ కాలుకు నమ్మకంగా పనిచేయడానికి ఇంతకంటే పొడవైన పల్స్ కావాలి. అందువల్ల పొట్టి గ్లిచ్‌కు ఒకసారి క్లియర్ అవుతుంది, ఒకసారి కాదు. ఎప్పుడో ఒకసారి వచ్చి మాయమయ్యే లోపాల్లో ఇదే అతి చికాకు పెట్టేది.

1953లో బెల్ ల్యాబ్స్‌లో మారిస్ కార్నా ప్రతిపాదించిన మ్యాప్ మీద చూస్తే కారణం కళ్లకు కడుతుంది. A·S ఒక చుట్టు, B·S' మరో చుట్టు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కానీ వాటి హద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు 1లను కలిపే చుట్టు లేదు. A·B అనే మూడో చుట్టు ఆ రెంటినీ కప్పుతుంది:

```
F = A·S + B·S' + A·B
```

ట్రూత్ టేబుల్ మారదు. తార్కికంగా A·B అనవసరం. కానీ A, B 1గా ఉన్నంతసేపు S ఎటు కదిలినా ఆ గేటు F ను పట్టుకునే ఉంటుంది. ఇందుకు మరో నాండ్ గేటు, చివర మూడు ఇన్‌పుట్‌ల నాండ్ కావాలి. అంటే 7400కు తోడు ఒక 7410 కొనాలి. పక్కపక్కనున్న ప్రతి జత 1లనూ ఏదో ఒక చుట్టు కప్పాలన్న ఈ సూత్రానికి సిద్ధాంత రూపం ఇచ్చినవాళ్లలో డేవిడ్ హఫ్‌మన్ ముఖ్యుడు. హజార్డ్ లేని స్విచింగ్ వలయాలపై ఆయన వ్యాసం 1957లో వచ్చింది.

అవుట్‌పుట్‌నే తిరిగి B కి కలిపితే మల్టీప్లెక్సర్ లాచ్ అవుతుంది. అప్పుడు గ్లిచ్ తాత్కాలికం కాదు: F పడిన క్షణంలో B కూడా పడుతుంది, దాచిన 1 పూర్తిగా పోవచ్చు. ఐబీఎంలో జాన్ ఎర్ల్ రూపొందించిన లాచ్‌లో ఈ అదనపు పదం తప్పనిసరి భాగం. సిస్టమ్/360 మోడల్ 91 కంప్యూటర్‌లో దాన్ని వాడారు.

ఈ మందుకు హద్దులున్నాయి. ఒకేసారి ఒక్క ఇన్‌పుట్ మారినప్పుడే అది పనిచేస్తుంది. A, S రెండూ కలిసి మారితే వచ్చే గ్లిచ్‌లు కొన్ని ఫంక్షన్ స్వభావంలోనే ఉంటాయి, పదాలు చేర్చి వాటిని తీయలేం. పైగా A·B గేటు పాడైనా స్థిరమైన ఇన్‌పుట్‌లతో చేసే పరీక్షలో F సరిగానే వస్తుంది, లోపం బయటపడదు. అనవసర పదాలను తొలగించే డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా దీన్ని తీసేయగలదు, కనుక ఉంచమని దానికి ప్రత్యేకంగా చెప్పాలి.

క్లాకుతో నడిచే సర్క్యూట్లలో అవుట్‌పుట్ స్థిరపడ్డాకే ఫ్లిప్‌ఫ్లాప్ చూస్తుంది కాబట్టి అక్కడ ఈ ఖర్చు అక్కర్లేదు. క్లాకు, రీసెట్, లాచ్ ఎనేబుల్ కాళ్లకు నేరుగా వెళ్లే లాజిక్‌లో మాత్రం అదనపు పదాన్ని వదలకూడదు.