తాతయ్య భుజం చుట్టూ ఆ నీలి గీత

పెళ్లి గ్రూప్ ఫోటో స్టూడియోకి తీసుకొచ్చి, "ఇందులో మా తాతయ్యని కూడా పెట్టండి" అని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. తాతయ్య పెళ్లికి ముందే పోయుంటారు. లేదంటే వీసా కుదరక డల్లాస్‌లోనే ఉండిపోయిన కొడుకుని చేర్చమంటారు. ఆ కోరిక వెనకున్న బాధ తెలిసిన వాళ్లెవరూ ఈ పనిని తేలిగ్గా తీసుకోలేరు. కానీ పని పూర్తయిన ఫోటో ఇంటికి తెచ్చుకుని చూస్తే, ముఖం బాగున్నా, ఎత్తు సరిపోయినా, చూపు పోయి భుజం అంచు దగ్గర ఆగిపోతుంది. అక్కడ సన్నటి నీలి గీత ఒకటి కనిపిస్తుంది. జుట్టు టోపీ పెట్టినట్టు గుండ్రంగా తెగి ఉంటుంది. "అతికించినట్టుందండీ" అంటారు ఇంట్లోవాళ్లు. ఏం తేడా కొట్టిందో వాళ్లు చెప్పలేకపోవచ్చు గానీ, వాళ్ల కన్ను పట్టుకున్నది నిజం.

ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. తాతయ్య పాత ఫోటో లేత నీలం తెర ముందు తీసింది అనుకోండి. తెల్ల లాల్చీ భుజం దగ్గర ఫోటోని ఎనిమిది రెట్లు పెద్దది చేస్తే తెలుపుకీ నీలానికీ మధ్య పదునైన గీత ఉండదు. రెండు మూడు పిక్సెళ్ల వెడల్పున అటు తెలుపూ ఇటు నీలమూ కాని రంగులుంటాయి. ఒక పిక్సెల్‌లో ముప్పాతిక వంతు లాల్చీ, పావు వంతు తెర. పక్కదానిలో సగం సగం. లెన్స్ అందించే వెలుగు ఎప్పుడూ కొంచెం పరుచుకునే ఉంటుంది కాబట్టి అంచు మీద పడిన పిక్సెల్ రెండు వైపుల వెలుగునీ కలిపి ఒకే రంగుగా రాసుకుంటుంది. మనం కత్తిరించేటప్పుడు ఆ పిక్సెల్‌ని మొత్తంగా ఉంచితే పాత తెర నీలం దానితోపాటే వచ్చేస్తుంది. మొత్తంగా తీసేస్తే అంచు మెట్లు మెట్లుగా తెగుతుంది. కత్తెరతో ఈ చిక్కు తీరదు.

లేయర్ మాస్క్ పుట్టింది ఈ చిక్కు కోసమే. తాతయ్య బొమ్మ ఉన్న లేయర్‌కి అంతే కొలతలున్న నలుపు తెలుపు బొమ్మ ఇంకొకటి తగిలిస్తాం. అందులో తెలుపున్న చోట తాతయ్య పూర్తిగా కనిపిస్తారు, నలుపున్న చోట అసలు కనిపించరు, బూడిద రంగున్న చోట ఆ రంగు ఎంత తెల్లగా ఉంటే అంత కనిపిస్తారు. మామూలు ఫైల్‌లో 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. 128 దగ్గర సగం తాతయ్య, సగం వెనకున్న మండపం. ఇరేజర్‌తో చెరిపితే పిక్సెల్ పోయినట్టే. మాస్క్ మీద నల్లరంగు వేస్తే దాగుతుందంతే, మళ్లీ తెల్లరంగు వేస్తే తిరిగొస్తుంది. పిక్సెల్ ఎంత కనపడాలో చెప్పే ఒక అంకెని రంగుతోపాటు దాచుకోవాలన్న ఆలోచన 1970ల చివర న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్‌లది. బొమ్మలు కలిపేటప్పుడు ఆ అంకెతో లెక్క ఎలా కట్టాలో 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ తమ వ్యాసంలో వివరంగా రాశారు. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. డబ్బు పెట్టక్కర్లేని గింప్‌లో కూడా మాస్క్ ఇదే పద్ధతిలో నడుస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మాస్క్ చెప్పేది 'ఎంత' అన్నదే. 'ఏ రంగు' అన్నది దాని చేతిలో లేదు. భుజం అంచున సగం నీలం కలిసిన పిక్సెల్‌ని మాస్క్ సగానికి పలచన చేస్తుంది తప్ప, అందులో నీలం అలాగే మిగులుతుంది. అందుకే పని రెండు భాగాలు: ముందు మాస్క్‌తో పరిమాణం, తర్వాత రంగు. ఈ రెండో భాగం వదిలేసి, గీత పోవడం లేదని ఫెదర్ పెంచుకుంటూ పోతారు. ఐదు పిక్సెళ్ల ఫెదర్ ఒంటి చుట్టూ వేస్తే గీత బదులు పొగలాంటి వలయం వస్తుంది, అంతే.

మన ఉదాహరణలో తాతయ్యది తెల్లజుట్టు, తెల్ల లాల్చీ, భుజాన కండువా. గ్రూప్ ఫోటోలో వెనక ముదురు మెరూన్ తెర, ముందు కుర్చీలో అమ్మమ్మ, ఆవిడ వెనక పిల్లలు నిలబడ్డారు. అమ్మమ్మ కుర్చీ వెనక ఖాళీ ఉంటే అదే మంచి చోటు. పాదాలు కనిపించవు కాబట్టి నేల మీద నీడ గొడవ తప్పుతుంది. మాస్క్‌కి ముందే ఆయన సైజు పక్కవాళ్ల తలలతో పోల్చి ఖాయం చేసేయాలి. అంచు మెత్తదనం పిక్సెళ్లలో ఉంటుంది. మాస్క్ అంతా చక్కదిద్దాక బొమ్మని సగానికి కుదిస్తే, రెండు పిక్సెళ్ల అంచు ఒక పిక్సెల్‌కి కుంచించుకుపోయి గరుకుగా కనిపిస్తుంది.

భుజాలకీ చేతులకీ పెన్ టూల్ మంచిది. అసలు అంచుకి ఒక పిక్సెల్ లోపలగా గీత తీసుకుంటూ పోయి, Ctrl+Enter కొట్టి సెలెక్షన్ చేసి, లేయర్స్ ప్యానెల్ కింద ఉన్న మాస్క్ గుర్తు నొక్కాలి. ఇప్పుడు అంచు ఎంత మెత్తగా ఉండాలన్న ప్రశ్న. జవాబు ఆ ఫోటోలోనే ఉంది. ఆయన పక్కన నిజంగా నిలబడిన మనవడి భుజాన్ని బాగా పెద్దది చేసి, చొక్కా రంగు తెర రంగులోకి మారడానికి ఎన్ని పిక్సెళ్లు పట్టిందో లెక్కపెట్టండి. మూడు పట్టిందంటే తాతయ్యకీ మూడే. మాస్క్‌ని ఎంచుకుని, ఆ మూడు వచ్చేదాకా కొద్దిగా గాసియన్ బ్లర్ ఇవ్వాలి. సాధారణంగా ఒక పిక్సెల్ దగ్గర్లోనే సరిపోతుంది. బ్లర్ ఇచ్చాక అంచు కొంచెం బయటికి పాకి తెర నీలం తొంగిచూస్తే, మాస్క్ మీదే Ctrl+L తో లెవెల్స్ తెరిచి నలుపు స్లయిడర్‌ని లోపలికి జరపండి. ముదురు బూడిద నలుపైపోయి అంచు లోపలికి తగ్గుతుంది. ముందువరసలో ఉన్నవాళ్లు పదునుగా, వెనకవాళ్లు కాస్త మసకగా ఉన్న ఫోటో అయితే, ఆయన నిలబడే వరసలోని మనిషితోనే పోల్చాలి.

జుట్టుకి పెన్ టూల్ పనికిరాదు. ఇక్కడ తెల్లజుట్టు, నీలం తెర కలవడం మన అదృష్టం. ఛానెల్స్‌లో ఎరుపు ఒక్కటే చూస్తే నీలం తెర ముదురు బూడిదగా, తెల్లజుట్టు దాదాపు తెల్లగా కనిపిస్తుంది. అంటే జుట్టు మాస్క్ సగం ఆ ఛానెల్‌లోనే తయారై ఉంది. దానికి కాపీ తీసి, లెవెల్స్‌తో తెరని నల్లగా, జుట్టుని తెల్లగా తోయాలి. మరీ తోస్తే సన్నటి వెంట్రుకలు తీగల్లా గట్టిపడతాయి, అవి బూడిదగా మిగిలినంతవరకే తోయాలి. తర్వాత Ctrl పట్టుకుని ఆ కాపీ బొమ్మ మీద నొక్కితే అది సెలెక్షన్ అవుతుంది. తాతయ్య మాస్క్‌కి తిరిగొచ్చి, జుట్టు అంచు చుట్టూ మెత్తని తెల్ల బ్రష్ తిప్పితే వెంట్రుకలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. నల్లజుట్టుకి వెనక లేత రంగుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు తేడా బాగా కనిపించే ఛానెల్ ఎంచుకుని నలుపు తెలుపులు తారుమారు చేయాలి.

ఇక రంగు. తాతయ్య లేయర్ పైన హ్యూ శాచురేషన్ లేయర్ పెట్టి, అది ఆయనకి మాత్రమే వర్తించేలా Alt+Ctrl+G తో క్లిప్ చేసి, నీలాల గాఢతని దాదాపు సున్నాకి దించితే వెంట్రుకల నీలం పోతుంది. కానీ కండువా అంచు నీలమైతే అదీ వెలిసిపోతుంది. అందుకని ఆ లేయర్‌కి ఉన్న మాస్క్‌ని మొత్తం నల్లగా నింపి, జుట్టు చుట్టూ, భుజం అంచున మాత్రం తెల్లగా రుద్దాలి. నీలం పోయినా, లేత తెర వెలుగు ఇంకా అంచున మిగిలే ఉంటుంది. చెవి, మెడ వెనక మెరూన్ ముదురు కాబట్టి అక్కడ అది బాగా తెలుస్తుంది. ఇంకో ఖాళీ లేయర్‌ని అలాగే క్లిప్ చేసి, పక్కనున్న చర్మం రంగునే బ్రష్‌కి తీసుకుని ఆ రెండు పిక్సెళ్ల మీద పూయాలి. మాస్క్ అంచుని పలచన చేస్తుంది కాబట్టి, పూసిన రంగులోకి మెరూన్ దానంతటదే కలుస్తుంది.

అమ్మమ్మ చీర భుజం తాతయ్యకి ముందు రావాలి. ఆ భుజాన్ని కింది లేయర్ నుంచి సెలెక్షన్ చేసి, తాతయ్య మాస్క్‌లో అక్కడ నల్లరంగు నింపాలి. ఇక్కడ అదే చిక్కు తలకిందులుగా వస్తుంది. చీర అంచు పిక్సెళ్లలో కలిసి ఉన్నది మెరూన్ తెర. ఇప్పుడు దాని వెనక తెల్ల లాల్చీ వచ్చింది కాబట్టి, రెండింటి మధ్యా ముదురు గీత మెరుస్తుంది. మాస్క్‌ని అక్కడ ఒక పిక్సెల్ చీర మీదికి జరిపి, మెత్తగా చేస్తే అది లాల్చీ కిందికి పోతుంది. ఆపైన తాతయ్య లేయర్ కింద మల్టిప్లై పద్ధతిలో ఒక లేయర్ వేసి, ఆయన చెయ్యి మనవడి చొక్కాకి దగ్గరయ్యే చోట చాలా పలచటి ముదురు రంగు మెత్తగా అద్దాలి. ఇద్దరు మనుషులు దగ్గరగా నిలబడితే మధ్యలో వెలుగు తగ్గుతుంది. అది లేకపోతే అంచు ఎంత బాగున్నా ఆయన ఆ వరసలో నిలబడినట్టు అనిపించదు.

పని సరిగ్గా వచ్చిందా అన్నది మెరూన్ తెర మీద చూస్తే తెలియదు. తాతయ్య లేయర్ కింద ఒకసారి పూర్తి నలుపు, ఒకసారి పూర్తి తెలుపు నింపిన లేయర్ పెట్టి చూడాలి. నలుపు మీద లేత వలయాలు బయటపడతాయి. తెలుపు మీద ముదురు గీతలు, పొరబాటున ఒంట్లో పడిన రంధ్రాలు కనిపిస్తాయి. Alt పట్టుకుని మాస్క్ బొమ్మ నొక్కితే మాస్క్ ఒక్కటే తెర నిండా వస్తుంది. ఎరుపు ఛానెల్ నుంచి మిగిలిన బూడిద మచ్చలు జుట్టు చుట్టూ కనిపిస్తే వాటిని నల్లగా తుడవాలి. ప్రింట్‌లో అవే మాపు పట్టినట్టు తేలేది.

కొన్ని లోపాలు మాస్క్‌కి లొంగవు. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ గట్టిగా నొక్కిన జేపెగ్. జేపెగ్ ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లలో బొమ్మని కుదిస్తుంది, పైగా వెలుగు కన్నా రంగుని ఎక్కువ పొదుపు చేస్తుంది. దాంతో తెర నీలం భుజం లోపలికి మామూలు కంటే ఎక్కువ దూరం పాకుతుంది, వెంట్రుకలు గళ్లలో నలిగిపోతాయి. పాత ప్రింటే తెప్పించి 600 డీపీఐలో స్కాన్ చేయడం మేలు, లేదా డాక్యుమెంట్‌గా పంపమనాలి. వెలుగు దిశ రెండోది. పాత ఫోటోలో దీపం ఎడమ నుంచి, మండపంలో కుడి నుంచి పడితే బొమ్మని అద్దంలోలా తిప్పేయాలనిపిస్తుంది. తిప్పితే కండువా భుజం మారుతుంది, పుట్టుమచ్చ అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి వస్తుంది. బయటివాళ్లు గమనించకపోయినా అమ్మమ్మ గమనిస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఇంకోటి ఏదైనా ఉందేమో వెతకమని అడగడమే సరైన దారి.