ఆవకాయ తగ్గి, గోంగూర పెరిగిన నెల

గుంటూరు వైపు ఒక పచ్చళ్ల యూనిట్ ఉందనుకుందాం. అమ్మేవి రెండే రకాలు, ఆవకాయ, గోంగూర. రెండూ అరకిలో సీసాలే. నెల మొదట్లో యజమానురాలు, లెక్కలు చూసే పెద్దాయన కలిసి అంచనా వేసుకున్నారు. ఆవకాయ 6,000 సీసాలు, ఒక్కోటి 200 రూపాయలు. గోంగూర 4,000 సీసాలు, ఒక్కోటి 150. సరుకు, నూనె, కారం, సీసా, కూలి కలిపితే దేనికైనా సీసాకి 120 రూపాయల ఖర్చు. అంటే ఆవకాయ మీద 80, గోంగూర మీద 30 మిగలాలి. అద్దె, ఆఫీసు జీతాలు తీయకముందు మొత్తం మిగులు 6 లక్షలు.

నెల గడిచింది. 18 లక్షల అమ్మకం అనుకుంటే 19 లక్షల 20 వేలు వచ్చింది. మిగులు మాత్రం సరిగ్గా 6 లక్షలే.

"అనుకున్నంతే వచ్చింది కదండీ, ఇంక చూసేదేముంది?" అంది ఆవిడ.

"అమ్మకం లక్షా ఇరవై వేలు పెరిగిందమ్మా. అందులో ఒక్క రూపాయి కూడా మనకెందుకు మిగల్లేదు?" అన్నాడాయన.

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతినే కాస్ట్ అకౌంటింగులో అమ్మకాల వేరియన్స్‌లు అంటారు. కామర్స్ పుస్తకాల్లో విచలనాలనీ రాస్తారు. అంచనాకీ వాస్తవానికీ మధ్య తేడాని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ కారణం వల్ల వచ్చిందో తేల్చడమే దాని పని. లాభం పెంచేది అనుకూలం, తగ్గించేది ప్రతికూలం.

అసలు జరిగిందేమిటంటే, ఆవకాయ ధర 210కి పెంచారు, 5,000 సీసాలే అమ్ముడయ్యాయి. గోంగూర 145కే ఇచ్చారు, 6,000 సీసాలు పోయాయి.

ముందు ధర సంగతి. అమ్మిన ప్రతి ఆవకాయ సీసా మీదా 10 రూపాయలు ఎక్కువ వచ్చాయి. 5,000 సీసాలకి అది 50 వేలు. గోంగూర సీసాకి 5 రూపాయలు తగ్గాయి, 6,000 సీసాలకి 30 వేలు పోయాయి. నికరంగా 20 వేలు అనుకూలం. ఇది ధర వేరియన్స్.

తర్వాత పరిమాణం, అంటే వాల్యూమ్ వేరియన్స్. ఇక్కడ తేడా సీసాలని అమ్మకం ధరతో కాదు, అంచనా వేసుకున్న మిగులుతో గుణించాలి. సీసా అమ్ముడుపోకపోతే 200 రావు, నిజమే. కానీ 120 ఖర్చూ తప్పుతుంది. పోయేది 80 మాత్రమే. అంచనా ఖర్చునే ఎందుకు వాడతారంటే, కారం ధర పెరిగితే ఆ తప్పు అమ్మకాల వాళ్ల మీద పడకూడదు. దాని లెక్క కొనుగోళ్ల దగ్గర విడిగా చూస్తారు. ఆవకాయ వెయ్యి సీసాలు తగ్గింది, 80 వేలు నష్టం. గోంగూర రెండు వేలు పెరిగింది, 60 వేలు లాభం. నికరంగా 20 వేలు ప్రతికూలం.

ధరలో వచ్చిన 20 వేలు పరిమాణంలో పోయాయి. అందుకే మొత్తం తేడా సున్నా. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆ పరిమాణం లెక్కలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మొత్తం 10,000 సీసాలు అమ్మాలనుకుని 11,000 అమ్మారు, అది ఒకటి. ఆ 11,000లో ఏది ఎంత అన్న పాలు మారిపోయింది, అది రెండోది.

ముందుగా పాలు మారలేదనుకుందాం. పది సీసాల్లో ఆరు ఆవకాయ, నాలుగు గోంగూర ఉన్నప్పుడు సగటున సీసాకి 60 రూపాయలు మిగులుతాయి. వెయ్యి సీసాలు అదనంగా అమ్మారు కాబట్టి 60 వేలు ఎక్కువ రావాలి. దీన్ని కొన్ని పుస్తకాలు ఈల్డ్ వేరియన్స్ అంటే, మరికొన్ని క్వాంటిటీ వేరియన్స్ అంటాయి. అమ్మే వాళ్ల తిరుగుడు, కొత్త దుకాణాలు పట్టడం, మార్కెట్ పెరగడం, వీటి ఫలితం ఇందులో కనిపిస్తుంది.

ఇప్పుడు పాలు, అంటే మిక్స్. పాత నిష్పత్తి ప్రకారం 11,000లో ఆవకాయ 6,600 ఉండాలి, ఉన్నది 5,000. గోంగూర 4,400 ఉండాలి, ఉన్నది 6,000. అంటే 1,600 సీసాలు ఆవకాయ వైపు నుంచి గోంగూర వైపు జారాయి. జారిన ప్రతి సీసాతో 80 మిగలాల్సిన చోట 30 మిగిలింది, 50 పోయింది. మొత్తం 80 వేలు ప్రతికూలం. ఈల్డ్‌లో వచ్చిన 60 వేలలోంచి ఈ 80 వేలు తీసేస్తే పైన చూసిన 20 వేల నష్టం తేలుతుంది.

అంటే ఏ తేడా లేదనుకున్న నెలలో 20 వేలు ధరతో వచ్చాయి, 60 వేలు అదనపు సీసాలతో వచ్చాయి, 80 వేలు పాలు మారడంతో పోయాయి.

మిక్స్‌ని రకాల వారీగా రాసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. జారిన 1,600 సీసాలని దేని మిగులుతో దాన్ని గుణిస్తే ఆవకాయకి లక్షా 28 వేల నష్టం, గోంగూరకి 48 వేల లాభం కనిపిస్తాయి. అది చూసి గోంగూర అమ్మిన కుర్రాణ్ణి మెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ గోంగూర సగటు 60 కన్నా 30 తక్కువ మిగిల్చే సరుకు. దాని పాలు పెరిగితే సగటు పడిపోతుంది. అందుకని ఒక్కో రకం మిగులుకీ సగటుకీ ఉన్న తేడాతో గుణించాలి. అప్పుడు గోంగూర దగ్గర 48 వేలు ప్రతికూలం, ఆవకాయ దగ్గర 32 వేలు ప్రతికూలం వస్తాయి. మొత్తం అదే 80 వేలు, కానీ ఇప్పుడు గోంగూర వరస చదివినవాళ్లు మోసపోరు.

ఇంకో జాగ్రత్త. రెండూ అరకిలో సీసాలు కాబట్టి కూడగలిగాం. గోంగూర పావుకిలో సీసాల్లో పోతుంటే సీసాల లెక్కకీ కిలోల లెక్కకీ మిక్స్ వేరేగా వస్తుంది. ఏ కొలత వాడాలో ముందే ఖాయం చేసుకోవాలి.

ఇంతా చేసి ఈ లెక్క ఎంత పోయిందో చెబుతుంది గానీ ఎందుకు పోయిందో చెప్పదు. ఆవకాయ, గోంగూరల మధ్య ధర తేడా 50 నుంచి 65కి పెరిగింది. ఆ కారణంగానే కొనేవాళ్లు గోంగూర వైపు తిరిగి ఉంటే, ధరలో వచ్చిన 20 వేలూ మిక్స్‌లో పోయిన 80 వేలూ ఒకే నిర్ణయానికి రెండు ముఖాలు. వాటిని విడివిడిగా ఇద్దరికి అంటగట్టడం అన్యాయం.

ఆ సంగతి తేల్చుకోవడానికి పెద్దాయన ఆర్డర్ల పుస్తకం, లోడింగ్ రిజిస్టరు పక్కపక్కన పెట్టాడు. ఆవకాయకి 5,800 సీసాల ఆర్డర్లు వచ్చాయి, బండెక్కినవి 5,000. మిగతా 800కి ఎదురుగా పెన్సిలుతో "స్టాక్ లేదు, గోంగూర పంపాం" అని ఉంది.

ఆవిడ ఆ పేజీ తిరగేసి చూసింది. ఆవకాయ ఎండాకాలంలో కాయ దొరికినప్పుడే పెట్టాలి. గోంగూర ఎప్పుడైనా దొరుకుతుంది. జాడీలు ఖాళీ అయ్యాక అమ్మేవాడు చేయగలిగిందేమీ లేదు.

"వచ్చే ఏప్రిల్‌లో కాయ ఎంత కొనాలో ఇప్పుడే రాయండి" అందావిడ.