డాబా వేడికి మందు ఏది?

మే నెలలో పై అంతస్తులో ఉండేవాళ్లను మధ్యాహ్నం కన్నా రాత్రి పదింటికే ఉక్క ఎక్కువ చంపుతుంది. ఐదంగుళాల శ్లాబు పగలంతా పీల్చుకున్న ఎండను పొద్దు పోయాక కిందికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడే మంచం మీదికి దిగుతుంది.

మేస్త్రిని అడిగితే, "బ్రిక్‌బ్యాట్ కోబా వేయించండి సార్, వానకీ ఎండకీ ఒకటే దెబ్బ" అంటాడు. వాన సంగతి నిజమే. ఇటుక ముక్కలు పేర్చి, సందుల్లో సిమెంటు మాలు నింపి, నీళ్లు గొట్టం వైపు పారేలా వాలు తీస్తారు. ఎండ సంగతే అనుమానం. ఇటుక వేడిని కాసేపు ఆపుతుంది గానీ, తానూ శ్లాబులాగే దాచుకుని రాత్రికి ఇస్తుంది. పైగా బరువు. సగటున 4 అంగుళాల మందం వేస్తే 1000 చదరపు అడుగుల డాబా మీద ఇంచుమించు 18 టన్నులు పడుతుంది. పాత ఇంటికైతే ఇంజనీరు చూడకుండా ఆ పని పెట్టుకోకూడదు. లోపల ఎక్కడైనా నీరు చేరితే కారే చోటు ఒకటి, కన్నం ఇంకోచోట.

తెల్ల కూల్ రూఫ్ పూత దారి వేరు. అది ఎండను శ్లాబులోకి దిగనివ్వకుండానే తిప్పికొడుతుంది. బరువు లేదు, ఖర్చు మూడింట్లో తక్కువ. నాచు గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, పూర్తిగా ఆరాక ప్రైమరు, దాని మీద రెండు కోట్లు వేయాలి. తడి మీద వేస్తే పొక్కులు లేచి పొరలుగా ఊడుతుంది. దుమ్ము పట్టి మాసిన కొద్దీ పనితనం పడిపోతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు కడగాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకు ఇలాంటి పైకప్పును తప్పనిసరి చేసింది.

ఎక్స్‌పీఎస్ బోర్డుది ఇంకో లెక్క. రెండంగుళాల బోర్డు నాలుగంగుళాల కోబా కన్నా పది రెట్లకు పైగా వేడిని అడ్డుకుంటుంది, బరువు మాత్రం నామమాత్రం. వరస తప్పకూడదు: ముందు వాటర్‌ప్రూఫింగ్, నీరు నిలబెట్టి పరీక్ష, ఆపైన బోర్డు, దాని మీద గుడ్డ పొర, చివర జాలీతో కాంక్రీటు లేదా టైల్స్. ఎండ నేరుగా తగిలితే బోర్డు పాడవుతుంది. చవకని మామూలు థర్మాకోల్ పెట్టొద్దు, అది నీరు పీల్చి పనికిరాకుండా పోతుంది. ఇదే బోర్డును లోపల ఫాల్స్ సీలింగులో పెడితే గది చల్లబడుతుంది గానీ శ్లాబు పైన కాలుతూనే ఉంటుంది, పగుళ్లు ఆగవు.

కారని పాత డాబాకు ముందు తెల్ల పూత వేయించండి. ఒక వేసవి చూశాక రాత్రిపూట సీలింగు ఇంకా చేతికి వెచ్చగా తగులుతుంటే, అప్పుడు బోర్డుకు డబ్బు పెట్టండి. కోబా కావలసింది నీళ్లు నిలిచే డాబాకే. అది వేయించినా పైన తెల్ల టైల్ ముక్కలు పరిపించండి.