ఒకే ఖడ్గానికి మూడు వయస్సులు

పదిహేడవ శతాబ్దంలో ఐరోపా ఓడలు సూరత్ రేవుకు తెచ్చిన సరుకుల్లో కత్తి అలుగులు కూడా ఉండేవి. ఇక్కడి పనివారు వాటికి దేశీయమైన పిడులు అమర్చేవారు. అలా తయారైన ఖడ్గాన్ని ‘ఫిరంగి’ అన్నారు. పరదేశి తెల్లవారి సరుకు అని భావం. తెలుగులో ఆ మాట శతఘ్నికి స్థిరపడింది.

సూరత్‌లో ఒక ఇంట దసరానాడు పూజలందుకొనే పూర్వుల ఖడ్గం ఉన్నదనుకొందాం. అది ఏనాటిదని అడిగితే ఒక్క జవాబు చాలదు. అలుగు, పిడి, అరుగుదల వేర్వేరు కథలు చెబుతాయి. బోలుగా ఉన్న పిడిలో లక్క నింపి, అలుగు తోకను అందులో బిగించేవారు. వేడి తగిలిస్తే లక్క మెత్తబడి అలుగు ఊడివస్తుంది. కనుక పిడి మార్చడం కష్టమైన పని కాదు.

ముందుగా అలుగు. అది తిన్నగా, వెడల్పుగా ఉండి, నిలువునా గాడులు కలిగి ఉంటే ఐరోపా పుట్టుకను అనుమానించవచ్చు. దానిపై పళ్ళున్న కొడవళ్ళ వంటి జంట ముద్ర కనిపిస్తే ఇటలీలోని జెనోవా నగరం స్ఫురిస్తుంది. అయితే పేరున్న ఆ ముద్రను ఇతర దేశాలవారూ, మన కమ్మరులూ అనుకరించారు. ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు.

తరువాత పిడి. దానిపై బంగారు లతలుంటే, బంగారం రాలినచోట భూతద్దంతో చూడాలి. ఇనుముపై అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీసి, వాటిలో బంగారు తీగను సుత్తితో అదిమే పనితనం కోఫ్తగరి. బంగారం పోయినా గీతలు మిగులుతాయి. అవి లేక నున్నగా ఉంటే అది పైపూత మాత్రమే.

చివరకు అరుగుదల. యుద్ధంలో తిరిగిన కత్తికి అంచున గంట్లు పడతాయి. వాటిని సానపట్టగా దెబ్బ తగిలే భాగం సన్నబడుతుంది. పూజకే పరిమితమైన కత్తికి అంచు సమంగా నిలుస్తుంది కాని, ఏటేటా తోమడంవల్ల గాడుల అంచులు మొద్దుబారి, ముద్రలు మాసిపోతాయి. చింతపండు, బూడిద పెట్టి తోమితే చదవవలసిన అక్షరాలే చెరిగిపోతాయి. పలుచగా నూనె రాయడం మేలు.

1875-76లో భారతదేశానికి వచ్చిన వేల్స్ యువరాజుకు కొల్హాపూర్ రాజు బహూకరించిన ‘జగదంబ’ ఖడ్గాన్ని చూస్తే ఈ తీరు తెలుస్తుంది. దాని అలుగు ఐరోపాది, దానిపై ‘ఐ.హెచ్.ఎస్.’ అనే క్రైస్తవ పవిత్రాక్షరాలు మూడుమార్లు ఉన్నాయి. పిడి మాత్రం భారతీయం.

కనుక సూరత్ ఇంటి ఖడ్గంపై విదేశీ ముద్ర కనిపించినంత మాత్రాన ముత్తాత కథ అబద్ధం కాదు. పిడి కొత్తదైనంత మాత్రాన అలుగు కొత్తదీ కాదు. అలుగు ఎక్కడిదో, పిడి ఎప్పటిదో, వాడుక ఎలాంటిదో విడివిడిగా వ్రాసుకొంటే ఆ కథలో ఎంత నిలుస్తుందో తేలుతుంది.