పెట్టె రాలేదా? గేటు దాటకండి

గల్ఫ్ దేశాల్లో పని చేసే మనవాళ్ళు చాలామంది హైదరాబాదులో విమానం దిగుతారు. ఈ విమానాశ్రయం శంషాబాదులో ఉంది. 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు విమానాలు బేగంపేటలో దిగేవి. శంషాబాదు భవనం చాలా పెద్దది. కొత్తవాళ్ళకు అందులో ఏ దారి ఎటు పోతుందో తెలియదు. అయినా బోర్డులు చూసుకుంటూ, నలుగురి వెంట నడిచి బయటికి వచ్చేస్తారు.

చిక్కు ఎప్పుడు వస్తుంది? అందరి సామాను వచ్చి, మన పెట్టె రానప్పుడు వస్తుంది. అప్పుడు ఎవరిని అడగాలి? ఎక్కడికి పోవాలి?

దీనికి ముందు ఒక వరస తెలుసుకోవాలి. విమానం దిగాక మొదట పాస్‌పోర్టు చూస్తారు. తర్వాత సామాను హాలు వస్తుంది. ఆ తర్వాత కస్టమ్స్ వాళ్ళు ఉంటారు. చివర గేటు. పెట్టె రాలేదని చెప్పుకునే కౌంటరు సామాను హాలులోనే ఉంటుంది. అంటే కస్టమ్స్‌కు ముందే, గేటుకు లోపలే ఉంటుంది. గేటు దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. తుపాకులతో కాపలా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గంగరాజం అనే ఆయనది జగిత్యాల దగ్గర ఊరు అనుకుందాం. రియాద్‌లో విమానం ఎక్కాడు. మస్కట్‌లో విమానం మారాడు. తెల్లవారుజామున హైదరాబాదులో దిగాడు. ఆయనకు రెండు పెట్టెలు ఉన్నాయి. ఒకదాంట్లో బట్టలు ఉన్నాయి. ఇంకోదాంట్లో బిడ్డ పెళ్ళికని కొన్న చీరలు, దుప్పట్లు, గిన్నెలు ఉన్నాయి. బట్టల పెట్టె వచ్చింది. పెళ్ళి సామాను పెట్టె రాలేదు.

బయట బావమరిది కారు పెట్టుకుని ఉన్నాడు. "బావా, ఇంకా ఎంతసేపు? బయటికి రా, తర్వాత అడుగుదాం" అని ఫోను చేశాడు. గంగరాజం పోలేదు. "పెట్టె సంగతి తేల్చుకుని వస్తా, జరంత ఆగు" అన్నాడు. ఆయన చేసింది సరైన పని.

పెట్టె నిజంగా రాలేదా?

హాలులో టీవీ లాంటి తెరలు ఉంటాయి. ఏ విమానం సామాను ఎన్నో నంబరు బెల్టు మీద వస్తుందో వాటి మీద రాసి ఉంటుంది. విమానం నంబరు బోర్డింగ్ పాసు మీద ఉంటుంది. రెండూ కలిపి చూడాలి. కొందరు వేరే బెల్టు దగ్గర నిలబడి పెట్టె పోయిందని కంగారు పడతారు.

బెల్టు చుట్టుపక్కల నేల మీద కూడా చూడాలి. బెల్టు నిండిపోతే కూలీలు కొన్ని పెట్టెలను తీసి పక్కన వరసగా పెడతారు. టీవీ డబ్బాలు, పొడుగు మూటలు బెల్టు మీద పట్టవు. అవి వేరే తలుపు దగ్గర ఇస్తారు. అక్కడా చూడాలి.

చివరికి బెల్టు మీద ఒకటే పెట్టె మిగిలి తిరుగుతూ ఉందనుకోండి. అది మీ పెట్టెలాగే ఉంది, కాని మీది కాదు. అంటే ఎవరో పొరపాటున మీది తీసుకుని, తమది వదిలి వెళ్ళారేమో. ఆ మిగిలిన పెట్టెను ముట్టుకోకుండా, దాని సంగతి కౌంటరులో చెప్పాలి. దాని చీటీ మీద యజమాని పేరు ఉంటుంది. దాన్ని బట్టి వాళ్ళు ఆ మనిషికి ఫోను చేయగలరు.

గంగరాజం ఇవన్నీ చూశాడు. బెల్టు ఆగిపోయింది. పెట్టె లేదు. అప్పుడు కౌంటరు కోసం బయలుదేరాడు.

కౌంటరును ఎలా గుర్తు పట్టాలి?

కౌంటరు బోర్డు మీద సాధారణంగా "బ్యాగేజ్ సర్వీసెస్" అనో, "బ్యాగేజ్ క్లెయిమ్స్" అనో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. కొన్ని చోట్ల పెట్టె బొమ్మ, పక్కన ప్రశ్న గుర్తు ఉంటాయి. ఇది ఎక్కువగా బెల్టులకు ఎదురుగానో, గోడ వెంటనో ఉంటుంది.

"లాస్ట్ అండ్ ఫౌండ్" అనే బోర్డు కూడా కనిపించవచ్చు. చాలా విమానాశ్రయాల్లో అది వేరే పని కోసం. కుర్చీ మీద మరిచిపోయిన ఫోను, తనిఖీ దగ్గర వదిలేసిన బెల్టు, గడియారం లాంటివి అక్కడ ఉంటాయి. విమానంలో వేసిన పెట్టె రాకపోతే ఆ బాధ్యత విమాన కంపెనీది. కంపెనీ కౌంటరుకే పోవాలి.

ఇంకో చిక్కు ఉంది. గంగరాజం తన కంపెనీ పేరు ఉన్న బోర్డు కోసం హాలంతా వెతికాడు. ఎక్కడా లేదు. చాలా కంపెనీలు అన్ని ఊళ్ళలో సొంత మనుషులను పెట్టవు. ఆ పనిని ఇంకో సంస్థకు అప్పగిస్తాయి. ఆ సంస్థ మనుషులు నాలుగైదు కంపెనీల పని ఒకే కౌంటరులో చేస్తారు. అందుకని పేరు కనిపించకపోతే కౌంటరు లేదని అనుకోకూడదు. బెల్టు దగ్గర మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో వాకీటాకీ పట్టుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళను అడగాలి.

గంగరాజం అలాంటి ఒకాయనను అడిగాడు. "సార్, నేను మస్కట్ విమానంలో వచ్చిన. ఒక పెట్టె రాలేదు. ఎవరికి చెప్పాలె?" ఆయన బోర్డింగ్ పాసు చూసి, ఎదురుగా ఉన్న కౌంటరు చూపించాడు.

రెండు కంపెనీల విమానాలు మారి వస్తే ఎవరిని అడగాలి? చివర ఎవరి విమానంలో దిగారో వాళ్ళను అడగాలి. "మీ పెట్టె మొదటి కంపెనీ దగ్గర ఆగింది, వాళ్ళనే అడగండి" అని ఎవరైనా అంటే వెళ్ళిపోకూడదు. ఫిర్యాదు రాసుకోమని చెప్పాలి.

కౌంటరులో ఏం చేయాలి?

మూడు కాగితాలు చేతిలో ఉండాలి. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, సామాను చీటీ. పెట్టె అప్పగించినప్పుడు విమానాశ్రయంలో ఒక చిన్న స్టిక్కరు ఇస్తారు. దాన్ని బోర్డింగ్ పాసు వెనకో, పాస్‌పోర్టు వెనకో అంటిస్తారు. అదే సామాను చీటీ. దాని మీద ఉన్న నంబరే పెట్టెకు కట్టిన పట్టీ మీద కూడా ఉంటుంది. పెట్టెను ఆ నంబరుతోనే వెతుకుతారు. రెండు పెట్టెలు వేస్తే రెండు చీటీలు ఉంటాయి. వచ్చిన పెట్టె పట్టీతో పోల్చి చూస్తే రానిది ఏదో తెలుస్తుంది.

కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులో నంబరు కొట్టి చూసింది. "మీకు విమానం మారడానికి గంటే టైము ఉంది కదా సార్. మీరు ఎక్కేశారు, పెట్టె అందలేదు. మస్కట్‌లోనే ఉంది" అని చెప్పింది. ఇలా ఆలస్యమయ్యే పెట్టెల్లో చాలావాటికి కారణం ఇదే. అవి పోవు, వెనకబడతాయి. తర్వాతి విమానంలో వస్తాయి.

తర్వాత ఆ అమ్మాయి ఒక అట్ట చూపించింది. దాని మీద రకరకాల పెట్టెల బొమ్మలు, రంగులు ఉన్నాయి. గంగరాజానికి ఇంగ్లీషు రాదు. అయినా తన పెట్టెలాంటి బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. తాడు కట్టి ఉందని, మూత మీద తన పేరు రాసి ఉందని చెప్పాడు. లోపల ఏం ఉన్నాయో కూడా చెప్పాడు. పట్టీ ఊడిపోతే ఈ గుర్తులే పనికొస్తాయి.

ఫోను నంబరు దగ్గర చాలామంది పొరబడతారు. అలవాటుగా గల్ఫ్ నంబరు చెబుతారు. ఊరికి వచ్చాక ఆ సిమ్ము పని చేయకపోవచ్చు. ఇంట్లోవాళ్ళ నంబరు ఇవ్వాలి. గంగరాజం భార్య నంబరు, బావమరిది నంబరు రెండూ రాయించాడు. ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడు కూడా రాయించాడు.

చివరికి ఒక కాగితం ఇస్తారు. దాన్ని పి.ఐ.ఆర్. అంటారు. అది లేకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకూడదు. దాని మీద పది అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. హైదరాబాదులో రాయిస్తే మొదటి మూడు అక్షరాలు HYD అని ఉంటాయి. తర్వాత రెండు గుర్తులు కంపెనీవి. మిగతా ఐదూ అంకెలు. ఇక మీదట ఎప్పుడు ఫోను చేసినా ఈ నంబరే చెప్పాలి.

పెట్టె ఇంటికి పంపిస్తారా, మనమే రావాలా అని అప్పుడే అడగాలి. వేరే దేశం నుంచి వచ్చిన పెట్టెను కస్టమ్స్ వాళ్ళు చూడాలి. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగవచ్చు. కాగితం మీద కస్టమ్స్ సంతకం కూడా వేయించుకోవాలి. పన్ను లేకుండా ఇంత విలువ సామాను తెచ్చుకోవచ్చని ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కలో ఎంత మిగిలిందో ఆ సంతకంతో తెలుస్తుంది. అది లేకపోతే తర్వాత వచ్చిన పెట్టె దగ్గర పేచీ రావచ్చు.

గేటు దాటి వచ్చేస్తే?

కొందరికి సంగతి బయటికి వచ్చాక తెలుస్తుంది. అప్పుడు గేటు దగ్గర కాపలావాళ్ళతో వాదిస్తే లాభం లేదు. వాళ్ళకు లోపలికి పంపే అధికారం ఉండదు. బయట ఉన్న సమాచార కౌంటరుకు పోవాలి. విమాన కంపెనీ సామాను కౌంటరుకు ఫోను కలపమని అడగాలి. చాలా విమానాశ్రయాల్లో కంపెనీల టికెట్ ఆఫీసులు విమానం ఎక్కేవాళ్ళు వచ్చే వైపు ఉంటాయి. వాటి కిటికీలు బయటికి ఉంటాయి. అక్కడైనా అడగవచ్చు. కంపెనీ మనిషి బయటికి వచ్చి ఫిర్యాదు రాసుకుంటాడు. లేదా పాసు ఇప్పించి లోపలికి తీసుకుపోతాడు. ఏది జరిగినా అదే రోజు జరగాలి. ఇంటికి పోయి వారం తర్వాత చెబితే, పెట్టె విమానాశ్రయంలోనే రాలేదని చూపడం కష్టం.

ఎన్ని రోజులు చూడాలి?

దేశాల మధ్య విమాన ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం అని ఒకటి ఉంది. ఇది మన దేశంలో 2009 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం పెట్టె రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే, నష్టపరిహారం అడిగే హక్కు వస్తుంది. పెట్టె పగిలి వస్తే, తీసుకున్న 7 రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యం వల్ల డబ్బు ఖర్చయితే, పెట్టె చేతికి వచ్చిన 21 రోజుల లోపల రాసి ఇవ్వాలి. నోటి మాట చెల్లదు. పరిహారానికి ఒక పరిమితి ఉంది. సామాను కొన్న రసీదులు ఉంటే మేలు. బంగారం, డబ్బు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

గంగరాజం కాగితం జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. మూడో రోజు భార్య ఫోను మోగింది. పెట్టె హైదరాబాదు వచ్చిందని చెప్పారు. నంబరు అడిగారు. ఆమె కాగితం చూసి HYD నుంచి చివరి అంకె దాకా చదివి చెప్పింది.

ప్రశ్నలు

1. సామాను కౌంటరు గేటుకు లోపల ఉంటుందా, బయట ఉంటుందా?
2. కంపెనీ పేరు బోర్డు మీద కనిపించకపోతే ఎవరిని అడగాలి?
3. కౌంటరులో గల్ఫ్ ఫోను నంబరు ఎందుకు ఇవ్వకూడదు?
4. పగిలిన పెట్టె గురించి ఎన్ని రోజుల్లో రాసి ఇవ్వాలి?