పది మీటర్ల గీత మీద వణికే కాపలావాడు

వీడియో గేముల్లో కాపలా కాసే శత్రువుకు సాధారణంగా రెండే పనులు. ఎవరూ లేనప్పుడు గస్తీ తిరగాలి, ఆటగాడు దగ్గరికొస్తే వెంటపడాలి. గేములు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని ఒక్క షరతుతో తేల్చేస్తారు: దూరం పది మీటర్ల లోపుంటే చేజ్, లేకపోతే గస్తీ. ఖాళీ మైదానంలో పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. ఒకసారి వెంటపడ్డాక దూరం తగ్గుతూనే పోతుంది కాబట్టి, నిలబడ్డ ఆటగాడి విషయంలో మళ్లీ గీత దాటే ప్రసక్తే రాదు.

అసలు పరీక్ష గోడ కట్టినప్పుడు మొదలవుతుంది.

నడుమెత్తు గోడ చుట్టూ ఉన్న ఒక ఆవరణ అనుకుందాం. లోపల కాపలావాడు గస్తీ తిరుగుతూ ముందుకు వస్తున్నాడు. గోడకు బయట, ఎదురుగా, ఆటగాడు కదలకుండా నిలబడ్డాడు. దూరం 9.98 మీటర్లకు చేరగానే చేజ్ మొదలైంది. అయితే బయటికెళ్లే గుమ్మం కాపలావాడి వెనక ఉంది. దారి వెతికే ప్రోగ్రాము అతన్ని వెనక్కి తిప్పింది. గేము సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంది; పరుగు వేగం సెకనుకు 4.5 మీటర్లు. అంటే ఒక్క ఫ్రేములో 7.5 సెంటీమీటర్లు వెనక్కి. దూరం 10.055 అయింది, గీత దాటింది, మళ్లీ గస్తీ. గస్తీ నడక సెకనుకు 1.5 మీటర్లు, ఫ్రేముకు 2.5 సెంటీమీటర్లు. మూడు ఫ్రేముల్లో దూరం తిరిగి 9.98. మళ్లీ చేజ్.

నాలుగు ఫ్రేములకో చుట్టు, సెకనుకు పదిహేను చుట్లు. తెర మీద కాపలావాడు అడుగు కదలకుండా గజగజ వణుకుతుంటాడు. "ఎవరక్కడ!" అనే అరుపు మొదటి అక్షరం దగ్గరే తెగి మళ్లీ మొదలవుతుంటుంది. నడక నుంచి పరుగులోకి మారే యానిమేషన్‌కు సెకనులో ఐదో వంతు కావాలనుకుంటే, అది ఎన్నటికీ పూర్తికాదు. చాలామంది ముందు యానిమేషన్‌నే అనుమానించి అక్కడ గంటలు పోగొట్టుకుంటారు. స్థితి మారిన ప్రతిసారీ ఫ్రేము నంబరు, దూరం ప్రింట్ చేయిస్తే అసలు దొంగ నిమిషంలో దొరుకుతాడు: లాగ్‌లో 9.98, 10.055 పక్కపక్కనే వరస కడతాయి.

ఇలాంటి గీత 1980 నాటి ప్యాక్-మ్యాన్‌లోనే ఉంది. అందులో క్లైడ్ అనే నారింజ రంగు దెయ్యం ఎనిమిది గడులకంటే దూరంగా ఉంటే ప్యాక్-మ్యాన్ మీదికి వస్తుంది, దగ్గరైతే తన మూలకు మళ్లుతుంది. లెక్కప్రకారం అదీ గీత మీద వణకాలి. కానీ ఆ ఆటలో దెయ్యాలు తమంతట తాము ఉన్నచోటే వెనక్కి తిరగలేవు. మనసు మార్చుకున్నా కూడలి వచ్చేదాకా అదే దారిన పోవాల్సిందే. అందుకే చూసేవాళ్లకు అది పిరికిదానిలా కనిపిస్తుంది తప్ప, లోపంలా కనిపించదు.

ఏ దిక్కుకైనా తిరగగల నేటి కాపలావాడికి ఆ కట్టుబాటు లేదు కనుక, ఒక గీత బదులు రెండు గీతలు పెడతారు. దీన్నే హిస్టెరిసిస్ అంటారు. మేడ మీద నీళ్ల ట్యాంకు ఆటోమేటిక్ మోటారు చేసేది ఇదే. నీళ్లు అడుగంటితే మోటారు ఆన్, నిండితే ఆఫ్, మధ్యలో ఉన్నప్పుడు అంతకుముందు ఏం చేస్తుంటే అదే.

```
if state == PATROL and d < 10.0:
    state = CHASE
elif state == CHASE and d > 14.0:
    state = PATROL
```

ఇక్కడ కీలకం 14 అనే అంకె కాదు, `state` అనే మాట. దూరం 12 మీటర్లు అని మాత్రమే చెబితే కాపలావాడు ఏం చేయాలో తేలదు, అంతకుముందు ఏం చేస్తున్నాడో కూడా తెలియాలి.

ఇంతటితో వణుకు పోతుంది, తిక్క మాత్రం పోకపోవచ్చు. మన ఆవరణలో గుమ్మం ఆరు మీటర్లు వెనక ఉందనుకోండి. అక్కడికి చేరేసరికి ఆటగాడికి పదహారు మీటర్ల దూరం. కానీ పద్నాలుగు దాటగానే కాపలావాడు చేజ్ వదిలేసి, నింపాదిగా నడుచుకుంటూ పది మీటర్ల దాకా వెనక్కొచ్చి, మళ్లీ ఉలిక్కిపడి పరిగెత్తుతాడు. వెళ్లడానికి 0.9 సెకను, రావడానికి 2.7 సెకన్లు. సెకనుకు పదిహేనుసార్ల వణుకు కాస్తా 3.6 సెకన్లకోసారి జరిగే ప్రహసనంగా మారుతుంది.

బయటి గీతను 18కి జరిపితే గుమ్మం దాటేస్తాడు గానీ, బయలు ప్రదేశంలో అతన్ని వదిలించుకోవడం ఆటగాడికి గగనమవుతుంది. ఇక్కడ మెరుగైన దారి, గీతను 14 దగ్గరే ఉంచి, దూరం వరసగా మూడు సెకన్లపాటు దానికి మించి ఉంటేనే చేజ్ వదలమనడం. గుమ్మం చుట్టి రావడానికి ఆ వ్యవధి చాలు. గుమ్మం ఇంకా దూరమైతే చాలదు. కాబట్టి ఈ అంకెలను పక్క గేము నుంచి ఎత్తి తెచ్చుకోకుండా, తమ మ్యాపులో అతిపెద్ద చుట్టుదారి ఎంతో కొలిచి పెట్టుకోవాలి.